సభ్యులు మాత్రమే చూసే నోటీసు

ఏలూరులో మా నాన్న కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు మీద, మేడగదిలో కూర్చుని నేను వెబ్‌సైట్లు చేసేవాణ్ణి. చేసేవాణ్ణి అంటే ఏదో పెద్ద కంపెనీ అనుకునేరు. పెళ్ళి శుభలేఖలు, బళ్ళ మీద అంటించే స్టిక్కర్లు, విజిటింగు కార్డులు నా అసలు తిండి. సైటు అనేది ఏడాదికి రెండో మూడో వచ్చే పరమాన్నం. నాన్న దగ్గరికి వచ్చిన మిషను బాగుపడి, నూనె తాగి, రిక్షా ఎక్కి వెళ్ళిపోయేది. నా దగ్గరికి వచ్చిన సైటు మాత్రం ఎప్పటికీ వెళ్ళేది కాదు. దాని జలుబూ జ్వరమూ అన్నీ నావే. ముప్ఫై ఏళ్ళకే నాకు ఫోను మోగితే నీరసం వచ్చేది.

అలాంటి రోజుల్లో, రెండు వేల ఏడో ఎనిమిదో అయి ఉంటుంది, ఒక ఎండాకాలం మధ్యాహ్నం చేపల రైతుల సంఘం అధ్యక్షుడు మెట్లెక్కి వచ్చారు. కొల్లేరు అంచున ఆయనకి చెరువులు. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, అంచు మాత్రం చెరువు మట్టి రంగు. కూర్చోమంటే కుర్చీని చేత్తో ఒకసారి కదిపి చూసుకుని కూర్చున్నారు.

"ఏవండీ, సైట్లు కట్టేది మీరేనా అండీ?" అన్నారు.

కట్టడం అన్న మాట నాకు నచ్చింది. మేస్త్రీతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ మేస్త్రీలాగే ఎన్ని గదులు కావాలండీ అని అడిగాను. ఒక్క గది చాలన్నారు. దానికి తాళం ఉండాలన్నారు.

సంగతి ఏమిటంటే, చేపల మేతకి తవుడు కొనడానికి ఆయన తాడేపల్లిగూడెం వెళ్ళారట. అక్కడ ఒక రైసుమిల్లు ఆఫీసులో యజమాని కంప్యూటరులో ఏదో నంబరు కొట్టి, మిల్లర్ల సంఘం నోటీసు ఒకటి చదువుకోవడం చూశారు. ఇది అందరికీ కనపడుతుందా అని అడిగితే, కాదండీ, సభ్యులకే అన్నాడట ఆయన. తవుడు బస్తాలు లారీకి ఎక్కేదాకా అధ్యక్షులవారు ఆ ఒక్క మాటే ఆలోచించారు. మర్నాడు నా దగ్గరికి వచ్చారు.

"మా చెరువుల్లో రోగం వచ్చిందంటే రెండు పనులు జరగాలండీ" అన్నారు. "చుట్టుపక్కల చెరువులవాళ్ళకి తెలియాలి. కొనేవాళ్ళకి తెలియకూడదు. ఇప్పటిదాకా సరిగ్గా తిరగేసి జరుగుతోందండీ."

ఆ మాట నాకు అర్థం కావడానికి ఆయన నా టేబులు మీది గ్లాసులు జరిపి చూపించారు. కొల్లేటి పక్క చెరువులన్నీ ఒకే మురుగు కాలువ మీద వరసగా ఉంటాయి. పైచెరువు వదిలిన నీరే కిందిచెరువు తోడుకునే నీరు. పైవాడి చేపల ఒంటి మీద ఎర్రమచ్చలు పడితే, ఆ నీళ్ళతోనే కిందివాడికి దిగుతాయి. వలలవాళ్ళు ఒక చెరువులో పట్టుబడి చేసి, అంటే చేపలన్నీ పట్టేసి, తడివలలతోనే ఇంకో చెరువులో దిగినా అంతే. పైవాడు ముందే ఒక మాట చెబితే కిందివాడు తూము మూసుకుంటాడు, వలల్ని ఎండబెట్టిస్తాడు. కానీ పైవాడు చెప్పడు. చెబితే ఆ మాట టీకొట్టు దాటి ప్యాకింగు షెడ్డులో చేప కొనే షావుకారు చెవిన పడుతుంది. అప్పుడు ఐసు దొరకదు, పెట్టెలు దొరకవు, లారీ రాదు. మచ్చలున్న చేపని రైతు తనే ఏరి, గోతిలో వేసి సున్నం జల్లుతాడు. మిగతావి నిక్షేపంగా ఉన్నా షావుకారు చెరువు మొత్తానికీ ముఖం తిప్పుకుంటాడు.

"అందుకని ఎవడికి వాడు నోరు మూసుకుని, తూము తెరిచి ఉంచుతాడండీ" అన్నారాయన. "తూము మూస్తే ఎందుకు మూసేవని అడుగుతారు కదండీ."

నేను కడతానన్నాను. పనిలో దిగాక అనుకున్నాను, మిల్లర్ల సంఘానికి ఎవడు కట్టాడో గానీ సుఖపడ్డాడు, వాళ్ళందరి ఆఫీసుల్లోనూ కంప్యూటర్లున్నాయి.

పని విషయానికొస్తే, నేను అజాగ్రత్తగా చేసిన పని కాదది. ఈ ముక్క ముందే చెప్పాలి, ఎందుకంటే తరవాత నన్ను చాలామంది చాలా అన్నారు. ఒక్కో సభ్యుడికీ సంఘంలో అతని నంబరే లాగిన్ పేరు. పాస్‌వర్డు వేరే. ఆ పాస్‌వర్డు ఉన్నదున్నట్టుగా ఎక్కడా దాచలేదు. దాన్ని మళ్ళీ వెనక్కి తిప్పడానికి వీల్లేని అంకెల, అక్షరాల ముద్దగా మార్చి, ఆ ముద్దని మాత్రమే దాచాను. సభ్యుడు పాస్‌వర్డు కొడితే దాన్నీ ముద్ద చేసి, రెండు ముద్దలూ ఒకటేనా అని చూసుకోవడమే. కలిస్తే ఆ మనిషి లోపల ఉన్నాడని సర్వరు గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని సెషన్ అంటారు. లోపలి ప్రతి పేజీ మొదటి వరసలోనూ ఆ గుర్తు ఉందా అని అడుగుతుంది. లేకపోతే పేజీ ఇవ్వకుండా వీధి గుమ్మానికి, అంటే లాగిన్ పేజీకి పంపేసి, అక్కడితో ఆగిపోతుంది.

నోటీసు సంగతి ఇంకో తలనొప్పి. అప్పట్లో చాలా కంప్యూటర్లలో తెలుగు అక్షరాల చోట డబ్బాలు కనిపించేవి. అందుకని నోటీసుని శుభలేఖ చేసినట్టే తెలుగులో కూర్చి, బొమ్మగా మార్చి పెట్టేవాణ్ణి. బొమ్మల్ని మామూలుగా సైటు ఫోల్డరులో పెడితే, పేజీకి ఎన్ని తాళాలు వేసినా బొమ్మ చిరునామా తెలిసినవాడు నేరుగా తెరుచుకోవచ్చు. నేనలా పెట్టలేదు. సైటుకి అందని పక్క ఫోల్డరులో దాచి, లాగిన్ అయినవాడికి మాత్రమే ఒక ప్రోగ్రాము తీసి చూపించేటట్టు చేశాను.

ఇంత చేశాక అసలు లాగిన్ పేజీయే పని చెయ్యలేదు. రెండు రోజులు జుట్టు పీక్కున్నాను. చివరికి తేలిందేమిటంటే, ఆ పేజీలో 'సభ్యుల గది' అని రెండు తెలుగు మాటలు సరదాగా టైపు చేశాను. వాటికోసం నోట్‌ప్యాడులో ఫైలుని తెలుగుకి పనికొచ్చే పద్ధతిలో సేవ్ చేస్తే, అది ఫైలు మొదట్లో కంటికి కనిపించని మూడు గుర్తులు తనంతట తానే చేర్చింది. సెషన్ మొదలయ్యేలోగా ఒక్క గుర్తు బయటికి పోయినా సర్వరు మొరాయిస్తుంది. ఉన్నవి కనిపించవు, కనిపించనివి అడ్డం పడతాయి. నా మొత్తం వృత్తి గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు. ఆ రెండు మాటల్నీ బొమ్మ చేసి పెట్టేశాక తలుపు తెరుచుకుంది.

సంఘం ఉన్న ఊళ్ళో, ఎరువుల గోడౌను పక్కనున్న హాల్లో సభ్యులకి చూపించాను. ఏలూరు నుంచి కంప్యూటరుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. ఫోను వైరుతో నెట్టు కలిసేసరికి సగంమంది లేచి బీడీలు కాల్చుకోవడానికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళ ముందు ఒక్కో నంబరూ, పాస్‌వర్డూ అచ్చు వేసిన చీటీలు పంచాను. ఎవరికీ చూపించకండి, చెప్పకండి అన్నాను. అందరూ బుద్ధిగా తల ఊపి చీటీలు జేబుల్లో పెట్టుకున్నారు. పాస్‌వర్డు మర్చిపోతే ఎలాగండీ అని ఒకాయన అడిగాడు. కొత్తది పెట్టిస్తానన్నాను. పాతదే చెప్పొచ్చు కదా అన్నాడు. నాకూ తెలియదండీ అంటే ఆయన నా వంక జాలిగా చూశాడు. పెట్టిందెవరండీ మరి, అన్నాడు.

ఆ హాల్లో వెనక బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. సంఘంలో ఆడమనిషి ఆవిడ ఒక్కతే. భర్తకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక, లీజుకి తీసుకున్న చెరువుని తనే నడిపిస్తోంది. మేత చల్లించడం, రాత్రి కాపలాకి మనిషిని పెట్టడం, వలలవాళ్ళతో మాట్లాడడం అన్నీ ఆవిడే. ఆ కాలువ మీద పై నుంచి రెండో చెరువు ఆవిడది. కింద ఇంకా చాలా ఉన్నాయి. ఆఖరుదానికి ముందుది అధ్యక్షులవారిది.

వానలు పడ్డాక ఒక పొద్దున్న ఆవిడ అధ్యక్షులవారితో కలిసి ఏలూరులో నా గదికి వచ్చింది. చెప్పులు మెట్ల దగ్గరే విడిచింది. కింద నాన్న ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

"నా చెరువులో మచ్చలు కనపడ్డాయి బాబూ" అంది. "నిన్ననే చూసేను. నాలుగో ఐదో తేలాయంతే."

అధ్యక్షులవారు అప్పటికే ఆవిడకి నచ్చచెప్పినట్టున్నారు. ఈ సైటు పెట్టింది ఎందుకు మరి, ఎవరో ఒకరు మొదలెట్టాలి కదమ్మా అన్నారు. ఆవిడ ఆయన వంక చూడలేదు, నా కంప్యూటరు వంక చూసింది.

"పట్టుబడి పది రోజుల్లో ఉంది. లీజు ఈ యేటితో ఆఖరు. ఈ చేప అమ్ముడైతేనే మళ్ళీ చెరువు నా చేతిలో ఉంటుంది. నా చెరువు పేరు బయటికి పోదు కదా బాబూ?"

నేను మాటలతో చెప్పలేదు, చేసి చూపించాను. లాగిన్ కాకుండా నోటీసు చిరునామా కొట్టాను. గుమ్మం దగ్గరికి తోసేసింది. తప్పు పాస్‌వర్డు కొట్టాను. వద్దంది. ఆవిడ చీటీ అడిగి తీసుకుని, ఆవిడ నంబరుతో లాగిన్ అయ్యాను. నోటీసుల గది తెరుచుకుంది, ఖాళీగా. లాగౌట్ చేసి, బ్రౌజరులో వెనక్కి వెళ్ళే గుర్తు నొక్కి చూపించాను. మళ్ళీ గుమ్మమే. ఆవిడ తృప్తిగా తల ఊపింది. మా నాన్న మిషను బాగుచేసి గుడ్డముక్క మీద కుట్టు వేసి చూపిస్తే ఖాతాదార్లు ఊపేటట్టు.

"పోదండీ" అన్నాను.

నోటీసు కూర్చాను. ఫలానా చెరువులో ఎర్రమచ్చలు కనపడ్డాయి, కింది చెరువులవారు కాలువ నీరు తోడుకోవద్దు, వలలు ఎండబెట్టి సున్నం నీళ్ళలో ముంచాక గానీ దింపనివ్వవద్దు అని. ఆవిడ అక్షరం అక్షరం చదువుకుని పెట్టమంది. ఆ మధ్యాహ్నమే సభ్యులందరి సెల్‌ఫోన్లకీ సంఘం నుంచి ఒక మెసేజీ వెళ్ళింది, సైటు చూసుకోమని. అంతే, ఏమిటన్నది అందులో లేదు. అదీ నా తెలివే.

మర్నాటికల్లా కింది తూములన్నీ మూసుకున్నాయి. అధ్యక్షులవారు ఫోను చేసి, పెళ్ళిపెద్ద గొంతుతో, పని చేసిందండీ మీ గది అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకు ఆనందం వేసింది. ఆ రోజు కింద కొట్టులోకి దిగి నాన్నకి చెప్పాను కూడా. ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తూ, మంచిదిరా అన్నాడు.

పట్టుబడి రోజు రానే వచ్చింది. ఆవిడ చెరువు గట్టు మీదకి లారీ రాలేదు.

రాలేదంటే ఎవరూ రామని చెప్పలేదు. మా పక్క అలా చెప్పరు. ఐసు అందలేదండీ, రేపు చూద్దామండీ అన్నారు. రేపు డ్రైవరుకి జ్వరం వచ్చిందండీ అన్నారు. ఎల్లుండి పెట్టెలు ఇంకో లోడుకి పోయాయండీ, ఏమనుకోకండి అన్నారు. అందరూ అండీ అండీ అంటూనే ఆవిడ పీక కోశారు. రోగమన్న మాట ఒక్కరి నోటంటా రాలేదు. ఈలోగా మచ్చలు పెరిగాయి. చివరికి బతికున్నవాటిని చిల్లరగా చుట్టుపక్కల సంతలకీ, మిగతావాటిని ఎండబెట్టేవాళ్ళకీ ఇచ్చుకుంది. చెరువు లీజు ఇంకొకరికి పోయింది.

అధ్యక్షులవారు నా గదికి వచ్చి, ఈసారి కుర్చీ కదిపి చూడకుండానే కూలబడ్డారు.

"మీ తాళం ఎవడో తీసేడండీ" అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఎవరి మీదో తెలియకపోవడం వల్ల ఇంకా ఎక్కువగా వచ్చింది. సైటులో ఎవరు, ఎప్పుడు, ఏ కనెక్షన్ నుంచి లాగిన్ అయ్యారో నమోదయ్యే ఏర్పాటు ఉంది. తెరిచాను. తప్పు పాస్‌వర్డులు కొట్టి చూసిన జాడ లేదు. దొంగదారిన వచ్చిన జాడ లేదు. అందరూ ముందు గుమ్మంలోంచే, సొంత పాస్‌వర్డుతో, మర్యాదగా వచ్చారు. ఒకటే చిత్రం. వాళ్ళలో ఇంచుమించు అందరి పక్కనా ఉన్న అంకెల చిరునామా ఒక్కటే. ఒక సభ్యుడు లోపలికి వచ్చి వెళ్ళిన నాలుగైదు నిమిషాలకి ఇంకో సభ్యుడు, మళ్ళీ నాలుగైదు నిమిషాలకి ఇంకొకరు, అలా ఆ సాయంత్రమంతా. ఎవరో ఒకే కుర్చీలో కూర్చుని అందరిలాగా లోపలికి వెళ్ళి వచ్చారు.

అధ్యక్షులవారికి అది చూపించి, మీ ఊళ్ళో నెట్‌సెంటరేమైనా ఉందా అండీ అని అడిగాను. లేదన్నారు. మరి మీరెక్కడ చూశారు నోటీసు అన్నాను.

"కైకలూరులో ప్యాకింగు షెడ్డు ఉంది కదండీ, అక్కడి గుమాస్తా చూసి ఫోనులో చదివి వినిపించేడండీ" అన్నారు.

అని, తన మాట తనకే వినపడినట్టు ఆగిపోయారు. కింద నాన్న మిషను తొక్కుతున్న చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

నేను కైకలూరు వెళ్ళాను. కొల్లేటి మీదుగా వెళ్ళే బస్సులో కిటికీ పక్క కూర్చుని, ఆ గుమాస్తాని ఏమేమి అనాలో దారి పొడుగునా కూర్చుకున్నాను. తీరా చూస్తే పాపం మంచి మనిషి. రండి రండి అని లేచి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. షెడ్డులో ఐసు పగలగొడుతున్న చప్పుడు, పచ్చి చేప వాసన. కంప్యూటరు పక్కన ఒక బిస్కట్ల డబ్బా. అందులో నేను పంచిన చీటీలు రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి.

"రైతులు ఇక్కడ పెట్టి వెళ్ళేరండీ" అన్నాడు. "పారేసుకుంటారని భయమండీ వాళ్ళకి. పాసుపుస్తకాలు, కరెంటు బిల్లులు, పిల్లల హాల్‌టికెట్లు అన్నీ ఇక్కడే ఉంటాయండీ. మెసేజీ రాగానే ఒక్కొక్కళ్ళే ఫోను చేస్తారు. నేను వాళ్ళ నంబరుతోనే తెరిచి, చదివి చెప్తానండీ. ఒకళ్ళది తెరిచి ఇంకొకళ్ళకి చెప్పడం తప్పు కదండీ."

ఆ చివరి మాట అతను గర్వంగానే అన్నాడు. తప్పు చేసినవాడి ముఖం కాదది. రైతులకి వల, ఐసు, లారీ, చదవాల్సిన కాగితం చదివే మనిషి, అన్నీ ఆ షెడ్డే. తరాలుగా అంతే. ఏదైనా ఇంగ్లీషు కాగితం వస్తే అక్కడికే పట్టుకెళ్తారు. ఇప్పుడు కంప్యూటరు చీటీ వచ్చింది, అక్కడికే పట్టుకెళ్ళారు. కంప్యూటరు ఉన్న చోటు అదొక్కటే.

"చదివేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటారా అండీ?" అని అడిగాను.

అతను చెయ్యి చాపి చూపించాడు. రెండడుగుల దూరంలో షావుకారు బల్ల. ఆ పూట ఆయన లేరు. బల్ల మీద కళ్ళజోడు మాత్రం ఉంది. కింది చెరువులవాళ్ళకి ఒక్కొక్కరికీ గట్టిగా, సిగ్నలు సరిగా అందదని ఇంకాస్త గట్టిగా, ఆవిడ చెరువు పేరు చదివి వినిపించిన మనిషి నా ముందు కూర్చుని టీ చల్లారిపోతోందండీ అంటున్నాడు. నేను అనడానికి తెచ్చుకున్న మాటలన్నీ అలాగే వెనక్కి తెచ్చుకున్నాను. ఎవరు రాకుండా తాళం వెయ్యాలో వాళ్ళింట్లోనే తాళంచెవి దాచుకునే జనానికి ఏం కడతాం.

అయినా కట్టాను. విసుగొచ్చినా పని మానని జబ్బు నాది. మళ్ళీ హాల్లో సమావేశం పెట్టించి, చీటీలన్నీ షెడ్డు నుంచి వెనక్కి తెచ్చుకోమన్నాను. అందరికీ పాస్‌వర్డులు మార్చేశాను. మొదటిసారి లాగిన్ అవగానే కొత్త పాస్‌వర్డు పెట్టుకుంటే గానీ గది తెరుచుకోకుండా చేశాను. సంఘం హాల్లోనే ఒక పాత కంప్యూటరు పెట్టించాను. దానికి నెట్టు ఉంటే కరెంటు ఉండదు, కరెంటు ఉంటే హాలు తాళంచెవి ఉన్నాయన ఊళ్ళో ఉండడు. నెల తిరిగేసరికి నమోదు తెరిచి చూస్తే మళ్ళీ ఆ పాత వరసే, ఒకే కుర్చీ. ఒకాయన్ని అడిగాను.

"మార్చుకున్నానండీ, మీరు చెప్పినట్టే" అన్నాడు. "కొత్తది మర్చిపోతానేమోనని ఆయనకి చెప్పి ఉంచేను."

ఆవిడ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. తరవాతి ఏడు ఎలాగో ఇంకో చెరువు, చిన్నది, అదే కాలువ మీద కాస్త దిగువన తీసుకుందని విన్నాను. సభ్యత్వం వదులుకోలేదు. ప్యాకింగు షెడ్డుకి చీటీ ఇవ్వనిది సంఘంలో ఆవిడ ఒక్కతే. వారానికోసారి నాకే ఫోను చేసేది.

"నోటీసులేమైనా ఉన్నాయా బాబూ?"

నేను తెరిచి చూసేవాణ్ణి. నోటీసులు లేకపోతే ఆ గదిలో ఒక వరస కనిపించేటట్టు నేనే పెట్టాను, 'ప్రస్తుతం నోటీసులు లేవు' అని. ఆవిడ నోటీసు తీసేశాక అక్కడ వేరే ఏదీ పడలేదు. ఎవరు పెడతారు? గట్ల మీద గోతులు తవ్వి సున్నం జల్లుతూనే ఉన్నారని వలలవాళ్ళు చెప్పుకునేవారు. సైటు ప్రకారం మాత్రం కొల్లేటి చేపలంత ఆరోగ్యవంతులు లోకంలో లేరు.

"లేవండీ" అనేవాణ్ణి.

"అయితే ఎక్కడో ఉన్నట్టే" అని ఆవిడ ఫోను పెట్టేసేది.

అలా వానలు మళ్ళీ వచ్చాయి. చెరువులవాళ్ళంతా పాతనీరు వదిలి కొత్తనీరు పెట్టుకునే రోజులు. కాలువ పొడుగునా తూములన్నీ తెరిచే ఉంటాయి. ఒక పొద్దున్న ఆవిడ ఫోను చేసింది, వారం తిరక్కుండానే.

"నోటీసులు ఉన్నాయా బాబూ?"

"లేవండీ."

ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు. అవతల గట్టు మీద గాలి హోరు వినపడుతోంది. నాకు అర్థమయింది.

"పెట్టమంటారా అండీ?" అన్నాను.

"వద్దు బాబూ" అంది వెంటనే. "ఎల్లుండి పట్టుబడి. లారీ మాట్లాడుకున్నాను." తరవాత ఇంకెవరికో చెబుతున్నట్టు అంది. "తూముకి మట్టి బస్తాలు వేయించేసేను. నా నీరు ఒక్క చుక్క కిందికి పోదు."

షావుకారు షెడ్డులో కూర్చునే మనిషి, గట్ల మీద నడవడు. గట్టు మీద నడిచేవాళ్ళు చెరువులవాళ్ళే. అందరూ నీళ్ళు వదిలే రోజుల్లో ఒక తూముకి బస్తాలు పడి ఉంటే ఏమిటో వాళ్ళకి ఎవరూ చదివి వినిపించనక్కర్లేదు. ఇదంతా నాకు తరవాత తట్టింది. ఆ క్షణంలో, సరేనండీ అన్నాను, అంతే.

ఆ మర్నాడు అధ్యక్షులవారి నుంచి ఫోను.

"పొద్దున్న గట్టు మీద పోతూ చూసేనండీ, ఆవిడ తూముకి మట్టి బస్తాలు పడ్డాయి" అన్నారు. "నేనూ మూయించేసేను. కిందాయనా మూసేడు. వలలవాళ్ళకి సున్నం కూడా పంపించేం." గొంతు తగ్గించి అడిగారు. "సైటులో ఏమైనా పెట్టేరా అండీ?"

"లేదండీ" అన్నాను.

"పెట్టకండి" అన్నారు. "లారీ వెళ్ళిపోనివ్వండి."